“ప్రయత్నిస్తున్నాను” అన్నాను, ఇప్పుడు అత్తకి ఏమని రాయను?

ప్రశ్న: మా మేనమామ పోయిన శనివారం రాత్రి గుండెపోటుతో పోయారు. నేను టొరంటోలో ఉంటాను. కబురు తెలియగానే బావతో “టికెట్ కోసం ప్రయత్నిస్తున్నాను” అన్నాను. వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకా నా కోసం ఆగారు. అప్పుడు గానీ రాలేనని చెప్పలేకపోయాను. హడావిడిగా చీకటి పడేలోపు దహనం చేశారట. వచ్చే మంగళవారం పెద్దకర్మ, దానికీ వెళ్ళలేను. అత్తకి మెసేజ్ రాద్దామని కూర్చుంటే ఏం రాసినా సాకులాగే ఉంటోంది. చిన్నప్పుడు సెలవులన్నీ విశాఖ శ్రీహరిపురంలో వాళ్ళింట్లోనే గడిపాను, అత్తని నువ్వనే అంటాను. అమ్మ నర్సీపట్నం నుంచి వచ్చి ఇప్పుడు అక్కడే ఉంది. హుద్‌హుద్ తుపాను మర్నాడు ఫోన్లు పనిచేయకపోతే మావయ్య శ్రీహరిపురం నుంచి ఏయూ హాస్టల్ దాకా నడిచొచ్చి ఒక నీళ్ళ క్యాను, అత్త కట్టిచ్చిన పులిహోర ఇచ్చి వెళ్ళారు. అలాంటి మనిషి కర్మకి రాలేనని ఎలా రాయాలి?
— ఒక మేనల్లుడు, టొరంటో

జవాబు: మెసేజ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ అమ్మగారికి ఫోన్ చేయండి. మీకు మేనమామ పోయారు, ఆవిడకి తోడబుట్టినవాడు పోయాడు. ఉత్తరమంతా అత్త గురించీ బావ గురించీ రాసి, అమ్మ గురించి “అక్కడే ఉంది” అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. పోయిన ఆదివారం నుంచీ ఆ ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ “మీ వాడు రాలేదా?” అని అడిగేది ఆవిడనే. పక్కింటివాళ్ళు అడుగుతారు, కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు, పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మళ్ళీ అడుగుతారు. అన్న కోసం ఏడవాల్సిన మనిషి, కొడుకు ఎందుకు రాలేదో పదిమందికీ చెప్పుకుంటూ కూర్చుంది. ఆవిడకి ఒక మాట ఇవ్వండి: “వాడు అప్పుడే బయల్దేరినా సోమవారం గానీ చేరేవాడు కాదు, అందుకే వద్దనుకున్నాం.” అందులో అబద్ధం లేదు, ఎవరూ దాన్ని పట్టుకుని సాగదీయరు. ఇదే ఫోన్లో ఇంకొకటి అడగండి: పెద్దకర్మ అయ్యాక కూడా అత్త దగ్గర ఓ నెల ఉండగలరా అని. ఆవిడ ఏమంటారో తెలిశాకే కింద నేను రాసిన మెసేజ్‌లో ఒక వాక్యం ఉంచాలో తీసేయాలో తేలుతుంది.

ఇక “ప్రయత్నిస్తున్నాను” దగ్గరికి వద్దాం. దూరాన ఉన్నవాళ్ళు నూటికి తొంభైమంది మొదట అనే మాట అదే. రాలేనని అనడానికి నోరు రాదు, అంటే మనసు లేనట్టుంటుందేమో అనిపిస్తుంది. కానీ అవతల వింటున్న చోట ఏం జరుగుతుందో చూడండి. శవాన్ని ఉంచాలా తీయాలా అని పెద్దవాళ్ళు లెక్క వేసుకుంటూ ఉంటారు. ఫ్రీజర్ బాక్స్ ఇంకో పూట ఉంచమని చెప్పాలి, పురోహితుణ్ణీ పాడె కట్టేవాళ్ళనీ ఆపాలి, దూరం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి భోజనాలు చూడాలి. పొద్దు కుంకేలోపు దహనం అవ్వాలి కాబట్టి మధ్యాహ్నం రెండు దాటిందంటే అందరి కళ్ళూ గడియారం మీదే. మీ మాట వాళ్ళకి ప్రేమగా వినపడలేదు, ఇంకా తేలని పనిగా వినపడింది. మీరు ఆ రాత్రే విమానం ఎక్కినా లెక్క కుదిరేది కాదు. శనివారం రాత్రి పదింటికి టొరంటోలో బయల్దేరితే మాకు అప్పటికి ఆదివారం పొద్దున్న ఏడున్నర. ఢిల్లీకి ఏకబిగిన వచ్చే విమానమైనా 14 గంటలకి తక్కువ పట్టదు. అంటే ఢిల్లీలో దిగేసరికి ఆదివారం రాత్రి, విశాఖ చేరేసరికి సోమవారం. ఈ లెక్క వేయడానికి పది నిమిషాలు చాలు. అది వేసి అప్పుడే “బావా, నా కోసం ఆపొద్దు, కానిచ్చేయండి” అని ఉంటే, వాళ్ళకి మీ నుంచి అందే మొదటి సాయం అదే అయ్యేది.

జరిగింది జరిగింది. దాన్ని ఇప్పుడు అత్తకి రాసే మెసేజ్‌లో కలపొద్దు. మీరు రాసుకున్నవన్నీ సాకుల్లా ఉండడానికి సగం కారణం ఇదే. రెండు వేర్వేరు విషయాలు ఒకే మెసేజ్‌లో ఇరికిస్తున్నారు. ఆదివారం నాటి ఆలస్యం బావకి సంబంధించింది. ఆ మధ్యాహ్నం నలుగురి మధ్య నిలబడి “వస్తాడా రాడా” అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయింది అతను. అందుకని ముందు అతనికి విడిగా రాయండి, ఇలా:

“బావా, శనివారం రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడే రాలేనని చెప్పేయాల్సింది. నోరు రాక ప్రయత్నిస్తున్నానన్నాను. ఆ మాట పట్టుకుని మీరంతా మధ్యాహ్నం దాకా ఆగిపోయారు. అది నా వల్లే. పెద్దకర్మకి కూడా రాలేను, ఈసారి ముందే చెప్తున్నాను. అత్తకి విడిగా రాశాను, రాత్రి వీలు చూసుకుని చదివి వినిపించు.”

ఇంతే. “ఏమీ అనుకోకు”, “క్షమించు” లాంటివి ఇందులో పెట్టలేదు, గమనించారా? తండ్రి పోయిన కుర్రాడు “అయ్యో, పర్లేదు బావా” అని తిరిగి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇప్పుడు ఆ పని అతని నెత్తిన పెట్టకూడదు. తప్పు ఒప్పుకుని ఊరుకోండి.

“చదివి వినిపించు” అన్నది ఊరికే రాయలేదు. దినాలు జరిగే ఇంట్లో ఆడమనిషి చేతికి ఫోన్ రాదు. అది ఏ గూట్లోనో ఛార్జింగ్‌లో ఉంటుంది, లేదంటే మేనకోడలి చేతిలో ఉంటుంది. మీ మెసేజ్ అత్త కళ్ళతో చదవదు, ఎవరో పక్కన కూర్చుని చదువుతుంటే చెవులతో వింటుంది. కాబట్టి నోటితో చదవడానికి వీలుగా రాయాలి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. తెలుగు లిపిలోనే ఉండాలి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగుని గట్టిగా చదవబోతే మనిషి మూడు చోట్ల తడబడతాడు, వినేవాళ్ళు “ఏంటీ, ఏమన్నాడు?” అంటారు. మాట్లాడి టైపు చేయించే పద్ధతి వాడితే పంపేముందు ఒకసారి మీరే పైకి చదువుకోండి. మరి వాయిస్ మెసేజే పంపేస్తే పోదా అంటారేమో. వద్దు. ఇంటినిండా మనుషులుండగా స్పీకర్‌లో మీ ఏడుపు గొంతు వినిపిస్తే అప్పుడే సద్దుమణిగిన ఇల్లు మళ్ళీ మొదలుపెడుతుంది, ఆపడానికి అక్కడ మీరు ఉండరు.

ఇదీ అత్తకి:

“అత్తా, పెద్దకర్మకి నేను రాలేకపోతున్నాను. ఇంత దూరం నుంచి రావడానికి వీలు కుదరడం లేదు. మావయ్య ఆఖరి చూపు దక్కలేదు, ఇది కూడా దక్కడం లేదు. ఆ బాధ ఉంది.

హుద్‌హుద్ మర్నాడు మావయ్య మా హాస్టల్‌కి నడిచొచ్చాడు. దారంతా చెట్లు పడిపోయి ఉన్నాయి. ఒక చేతిలో నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో నువ్వు కట్టిచ్చిన పులిహోర. అవి నా చేతికిచ్చి మళ్ళీ అంత దూరమూ నడిచే ఇంటికి వెళ్ళాడు. ఆ రోజు మీ ఇంట్లో తాగడానికి నీళ్ళున్నాయో లేదో అడగాలని కూడా నాకు తోచలేదు.

అమ్మ నీ దగ్గరే ఉంది. పెద్దకర్మ అయ్యాక కూడా ఓ నెల ఉంటానంది. పెద్దకర్మ తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. మాట్లాడాలనిపించకపోతే తియ్యొద్దు, మళ్ళీ ఆదివారం చేస్తాను. దీనికి జవాబు ఏమీ అక్కర్లేదు. ఉంటాను అత్తా.”

మొదటి వాక్యంలోనే రాలేనని ఉంది. చాలామంది దీన్ని చివరికి తోస్తారు. ముందు మావయ్య గొప్పతనం, తర్వాత తన పరిస్థితి, ఆఖర్న “కాబట్టి” అంటూ అసలు సంగతి. అలా రాస్తే వినేవాళ్ళు రెండో వాక్యానికే పసిగట్టేస్తారు, “వీడు రావట్లేదన్నమాట” అని. అక్కణ్ణుంచి మీరు మావయ్య గురించి రాసిన మంచి మాటలన్నీ ఆ కబురుకి పూసిన తేనెలాగే వినిపిస్తాయి. ముందే చెప్పేస్తే ఆ పని అయిపోతుంది, మిగతాది మావయ్యది.

కారణం ఒక్క వాక్యం: దూరం. మీకు సెలవు కష్టమై ఉండొచ్చు, టికెట్ రేట్లు భయపెట్టి ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలు ఉండొచ్చు. అవన్నీ నిజాలే అయినా రాయకండి. ఒక కారణం చెప్తే నమ్ముతారు. నాలుగు చెప్తే ఒక్కొక్కదాన్నీ తూకం వేస్తారు. “సెలవు దొరకలేదా? వాళ్ళ ఆఫీసులో పెళ్ళిళ్ళకి దొరుకుతుందిగా” అనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, మీ మెసేజ్ ఆయన కూడా వింటాడు. దూరం గురించి ఎవరూ వాదించలేరు.

హుద్‌హుద్ ముక్కని మీరు ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నా దృష్టిలో మీ మెసేజ్ అంతా అదే. 2014 అక్టోబరు 12న తుపాను ఈ ఊరి మీద పడ్డాక ఆ వారం ఇక్కడ ఉన్నవాళ్ళెవరికీ దాని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకీ నీళ్ళకీ లైన్లు. ఆ మర్నాడు సింధియా, కాన్వెంట్ జంక్షన్ మీదుగా చెట్ల కొమ్మలు తప్పించుకుంటూ ఏయూ దాకా ఒక మనిషి నీళ్ళ క్యానుతో నడిచాడంటే, అందులో ఆయన ఎలాంటివాడో మొత్తం ఉంది. “మావయ్య చాలా మంచివాడు, అందరికీ సాయం చేసేవాడు” అని మీరు రాస్తే అది ఏ మావయ్యకైనా సరిపోతుంది. “ఆయన ఆత్మకు శాంతి చేకూరాలి” అన్నదీ అంతే. ఆఫీసులో పరిచయస్తులకి అది సరైన మాటే, ఆ ఇంట్లో సెలవులు గడిపిన మేనల్లుడి నోట చల్లగా ఉంటుంది. పైగా ఆ పులిహోర కట్టిచ్చింది అత్త. అది వింటున్నప్పుడు ఆవిడకీ ఆ పొద్దు గుర్తొస్తుంది, ఆయన గడప దాటి వెళ్ళడం గుర్తొస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు మీరు ఉండగలిగేది ఆ జ్ఞాపకంలోనే.

ఒక హెచ్చరిక. తిరిగి నడిచే వెళ్ళాడనీ, మీరు నీళ్ళ సంగతి అడగలేదనీ నేను ఊహించి రాశాను. అలా జరగకపోతే కొట్టేయండి. ఆయన ఆ గేటు దగ్గర అన్న మాట ఏదైనా గుర్తుంటే ఉన్నదున్నట్టు పెట్టండి, తిట్టు అయినా సరే. గుర్తులేకపోతే కల్పించొద్దు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మాటతీరు ఆవిడకి తెలుసు, పెట్టుడు మాట వెంటనే దొరికిపోతుంది.

“నువ్వు” అని పిలిచే అత్తని మెసేజ్‌లో “మీరు” చేయకండి. చావు కబురనగానే మనకి ఎక్కడలేని మర్యాద వచ్చేస్తుంది, “అత్తయ్య గారికి నమస్కరించి” అని మొదలవుతుంది. నిన్నటిదాకా ఒళ్ళో కూర్చున్నవాడు ఉన్నట్టుండి వీధి అరుగు మీద నిలబడి పలకరించినట్టుంటుంది. మావయ్యని ఆవిడ దగ్గర “వచ్చాడు” అనేవారా “వచ్చారు” అనేవారా, అదే ఉంచండి. అలాగే “ఎలా ఉన్నావు” అని అడగొద్దు. ఏం జరిగింది, ఎన్నింటికి, ఏ ఆసుపత్రి, ఇవీ అడగొద్దు. ఆ కథ ఆవిడ ఈపాటికి ఎంతమందికి చెప్పి ఉంటుందో. చివర “ఉంటాను” అని ముగించడం మీకు తెలిసిన సంగతే, చావింటి నుంచి లేచేటప్పుడు “వెళ్ళొస్తాం” అనం కదా.

మీరు సొంతంగా రాసుకున్నా సరే, పంపేముందు ఒక్క పరీక్ష చేయండి. “నేను”, “నాకు”, “నా” ఉన్న వాక్యాలు ఎన్నో లెక్కపెట్టండి, మావయ్యో అత్తో ఉన్నవి ఎన్నో చూడండి. మొదటివి ఎక్కువున్నాయంటే మీ బాధని మీరు రాసుకున్నారన్నమాట. నిద్ర పట్టడం లేదనీ, అన్నం సయించడం లేదనీ, ఇక్కడ ఒంటరిగా ఏడుస్తున్నాననీ రాస్తే ఆవిడ నిజంగానే మీ గురించి దిగులు పడుతుంది. మీ బాధకి పైన రాసిన “ఆ బాధ ఉంది” చాలు. దాన్ని మీరు చెప్పుకోవాల్సిన చోటు అమ్మ, లేదా మీ ఇంట్లోవాళ్ళు.

ఎప్పుడు పంపాలి? అతను కర్త కాబట్టి బావ పొద్దున్నంతా క్రియ పనిలో ఉంటాడు. సాయంత్రం దాకా పరామర్శకి వచ్చేవాళ్ళు ఉంటారు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక, అందరూ వెళ్ళి ఇంటివాళ్ళు మిగిలినప్పుడు చదివించుకోవడానికి వీలు. అంటే మీకు పొద్దున్న పదకొండు. ఈ గురువారమే పంపేయండి. శుక్రవారం, మంగళవారం పరామర్శ పనికిరాదనే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి, ఫోన్‌కి ఆ పట్టింపు ఉందో లేదో మీ అమ్మకే తెలుస్తుంది. సోమవారం, అంటే పదో రోజు మాత్రం ఏమీ పంపొద్దు. భర్త పోయిన ఆడవాళ్ళకి ఆ రోజు ఎలాంటిదో అమ్మనడిగితే చెప్తారు. పెద్దకర్మ నాడు పంపితే అది భోజనాల హడావిడిలో ఎవరి జేబులోనో ఉండిపోతుంది, పైగా అప్పటిదాకా మీరు ఏ విమానంలోనైనా దిగుతారేమోనన్న చిన్న ఆశ ఆ ఇంట్లో మిగిలే ఉంటుంది. బంధువుల గ్రూపులో మీరు రాయాల్సింది ఏమీ లేదు. దండం బొమ్మల వరసలో మీ పేరు కనబడలేదని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

డబ్బు సంగతి మెసేజ్‌లో తేవద్దు. రాలేను అన్న వాక్యం పక్కనే “ఖర్చులకి పంపుతున్నాను” అని ఉంటే రానందుకు కట్టిన జరిమానాలా ఉంటుంది. ఇవ్వాలని ఉంటే అమ్మ ద్వారా కనుక్కోండి. పెద్దకర్మకి బావకి బట్టలు పెట్టడంలో మీ వాటా ఏమైనా ఉందా, లేక భోజనాల్లో కొంత పంచుకోవచ్చా అని. ఆవిడ చేత్తో ఇప్పించండి. “ఏ సాయం కావాలన్నా అడుగు” అన్న మాట కూడా వద్దు. ఎవరూ అడగరు, అది మీకూ తెలుసు. దాని బదులే నేను ఆదివారం ఆరింటి ఫోన్ పెట్టాను. పెద్దకర్మ మర్నాటి నుంచి చాపలు ఎత్తేస్తారు, బంధువులు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతారు. ఆ తర్వాతి ఆదివారాలే ఆవిడకి పొడుగ్గా ఉంటాయి. మీకది పొద్దున్న ఎనిమిదిన్నర, నవంబరులో మీ గడియారాలు వెనక్కి తిప్పాక ఏడున్నర అవుతుంది. మర్చిపోయి గంట ఆలస్యంగా చేయకండి. మొదటి రెండు వారాలు ఆవిడ ఫోన్ తీయకపోవచ్చు, బావతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేయండి. మూడో ఆదివారం మాత్రం మానొద్దు. అప్పుడు మానితే ఆ మెసేజ్‌లో రాసిందంతా మాటవరసకి రాసిందే అయిపోతుంది.

“సంవత్సరీకానికి తప్పకుండా వస్తాను” అని మెసేజ్ చివర రాయాలని మీకు చెయ్యి లాగుతుంది. ఇంకా రాయొద్దు. ఒకసారి “ప్రయత్నిస్తున్నాను” అని ఆపారు కదా, ఈసారి చేతిలో టికెట్ లేకుండా మాట ఇవ్వకండి. పైగా సంవత్సరీకం ఇంగ్లీషు తేదీకి రాదు, తిథికి వస్తుంది. మామూలుగా అది పోయిన తేదీకి పదకొండు రోజుల ముందే వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే ఆ తేదీ దాటాక వస్తుంది. ఇంట్లో పెళ్ళి లాంటిది ఉంటే ముందుగానే పెట్టేసేవాళ్ళూ ఉన్నారు. పోయిన తేదీని బట్టి మీరు సెలవు పెట్టుకుంటే అన్నీ అయ్యాకో, మరీ ముందుగానో దిగుతారు. ఓ ఆరేడు నెలలు గడిచాక, ఏదో ఒక ఆదివారం మాటల్లో బావని అడగండి, పురోహితుడు ఏ రోజు చెప్పారని. తేదీ ఖాయమయ్యాక టికెట్ కొనండి. కొన్నాక, అదీ అత్తకే ముందు చెప్పండి.